రాత్రికో లెక్క: హోటల్ బిల్లు ఎలా తయారవుతుంది?

హోటల్ బిల్లులో ముఖ్యమైనవి నాలుగే: గది అద్దె, ఎక్స్‌ట్రా బెడ్ ఛార్జీ, బుకింగ్ డిస్కౌంట్, జీఎస్టీ. మొదటి రెండూ కలిపి, అందులోంచి డిస్కౌంట్ తీసేసి, మిగిలిన దానిమీద పన్ను వేస్తే మొత్తం వస్తుంది. చెప్పుకోవడానికి ఇంత సులువైన లెక్కలోనూ తరచూ పొరపాట్లు జరగడానికి కారణం ఒకటుంది. ఈ లెక్క బస మొత్తానికీ కలిపి ఒకేసారి వేసేది కాదు. ఒక్కో గదికి, ఒక్కో రాత్రికి విడిగా వేసి, చివర్లో కూడాల్సింది. ఆ సంగతి పక్కన పెడితే మూడు రాత్రుల బసలోనే పద్దెనిమిది వందల రూపాయల పైన తేడా పడుతుంది.

ముందు రాత్రులు లెక్కపెట్టడం దగ్గర మొదలుపెట్టాలి. గురువారం మధ్యాహ్నం దిగి ఆదివారం ఉదయం ఖాళీ చేస్తే క్యాలెండర్‌లో నాలుగు తేదీలు కనిపిస్తాయి కానీ అద్దె మూడు రాత్రులకే. చాలా హోటళ్లలో చెక్ఇన్ మధ్యాహ్నం 12 గంటలకో 2 గంటలకో, చెక్అవుట్ మర్నాడు 11 గంటలకో 12 గంటలకో ఉంటుంది. బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గరి లాడ్జీల్లో మాత్రం దిగిన గంట నుంచి 24 గంటలు లెక్కపెట్టే పద్ధతి ఇంకా ఉంది. చెక్అవుట్ గడువు దాటాక గది అట్టిపెట్టుకుంటే సగం రోజు అద్దెనో, పూర్తి రోజు అద్దెనో వసూలు చేస్తారు. అదీ గది అద్దె కిందే లెక్క కాబట్టి దానిమీదా పన్ను పడుతుంది.

అతిథి దిగగానే ఫ్రంట్ ఆఫీసులో అతని పేరున ఒక ఖాతా తెరుస్తారు. దాన్ని ఫోలియో అంటారు. రోజూ రాత్రి పొద్దుపోయాక నైట్ ఆడిట్ జరుగుతుంది. అతిథులున్న ప్రతి గదికీ ఆ రాత్రి అద్దె, ఎక్స్‌ట్రా బెడ్ ఉంటే దాని ఛార్జీ, వాటిమీద పన్ను ఆ ఫోలియోలో తేదీ వేసి ఎక్కిస్తారు. ఖాళీ చేసే రోజు చేతికిచ్చే బిల్లు ఆ ఫోలియో నకలే. బిల్లును సరిచూసుకోవాలంటే ఈ తేదీలవారీ కాగితమే కావాలి. కొన్ని హోటళ్లు ‘మూడు రాత్రులు, ఇంత అద్దె, ఇంత పన్ను’ అని ఒక్క వరుసలో ముగిస్తాయి. ఏ రాత్రికి ఎంత పన్ను వేశారో అందులో తెలియదు. అడిగితే వివరంగా ప్రింట్ తీసి ఇవ్వడం ఏ హోటల్‌కైనా రెండు నిమిషాల పని.

ఇక పన్ను. హోటల్ గదుల మీద జీఎస్టీ 2017 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మొదట్లో నాలుగు శ్లాబులుండేవి. ఏ శ్లాబులో పడతారన్నది హోటల్ ప్రకటించిన టారిఫ్‌ను బట్టి ఉండేది. అంటే బోర్డు మీద 8,000 రాసి, బేరమాడితే 6,000కే గది ఇచ్చినా పన్ను శాతం 8,000 గదిదే. ఇది అన్యాయమని అభ్యంతరాలు రావడంతో 2018 జూలై చివర్లో పద్ధతి మార్చారు. అప్పటినుంచి నిజంగా వసూలు చేసిన ధరే శ్లాబును నిర్ణయిస్తోంది. డిస్కౌంట్‌కు అసలు విలువ వచ్చింది ఈ మార్పుతోనే. ఆ తర్వాత 2019 అక్టోబర్‌లో శాతాలు తగ్గాయి. 2022 జూలై 18న వెయ్యి రూపాయల లోపు గదులకున్న మినహాయింపు పోయింది. ప్రస్తుత రేట్లు 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చాయి: ఒక గదికి ఒక రోజు విలువ 7,500 రూపాయలు లేదా అంతకు తక్కువైతే 5 శాతం, అది దాటితే 18 శాతం. ఆలయాల ప్రాంగణాల్లో ధార్మిక ట్రస్టులు అద్దెకిచ్చే గదులకు మాత్రం, రోజు అద్దె వెయ్యి లోపు ఉంటే, పన్ను లేదు.

ఈ 7,500 గీత గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఆదాయపు పన్నులో గీత దాటిన భాగానికి మాత్రమే ఎక్కువ శాతం పడుతుంది. హోటల్ గదికి అలా కాదు. గీత దాటిందా, మొత్తం ధరకూ 18 శాతమే. 7,500 గదికి పన్ను 375 రూపాయలు, అతిథి కట్టేది 7,875. అదే గది 7,501 అయితే పన్ను 1,350 రూపాయల 18 పైసలు, కట్టాల్సింది 8,851 రూపాయల 18 పైసలు. అద్దెలో ఒక్క రూపాయి పెరిగితే బిల్లులో 976 రూపాయలు పెరిగింది. అందుకే చాలా హోటళ్లు గది ధరను 7,499 దగ్గర ఆపేస్తాయి. 7,600కో 7,800కో గది కనిపించిందంటే అతిథి కట్టే అదనపు సొమ్ములో అధిక భాగం హోటల్‌కు కాక పన్నుకే పోతుంది.

లెక్క గదికి, రోజుకు అన్నది కూడా మాటవరసకు పెట్టింది కాదు. ఒక కుటుంబం 5,000 చొప్పున రెండు గదులు తీసుకుంటే రాత్రికి 10,000 అవుతుంది, అయినా ఏ గదీ గీత దాటలేదు కాబట్టి పన్ను 500 మాత్రమే. అదే కుటుంబం 10,000కు ఒకే సూట్ తీసుకుంటే పన్ను 1,800. ఖర్చుపెట్టిన అద్దె రెండుచోట్లా ఒకటే.

ఎక్స్‌ట్రా బెడ్ అంటే గదిలో ఇద్దరికుండే మంచంతో పాటు మూడో మనిషికి వేసే మడత మంచమో, పరుపో. ఎక్కువ హోటళ్లలో గది అద్దె ఇద్దరు పెద్దవాళ్లకు లెక్క. అయిదారేళ్ల లోపు పిల్లలు తల్లిదండ్రుల మంచం మీదే పడుకుంటే ఛార్జీ ఉండదు. అంతకు పెద్ద పిల్లలకు, మూడో పెద్ద మనిషికి బెడ్ ఛార్జీ పడుతుంది. వయసు హద్దు హోటల్‌ను బట్టి మారుతుంది కాబట్టి బుక్ చేసేటప్పుడే పిల్లల వయసు సరిగ్గా రాయడం మేలు. ఈ ఛార్జీ కూడా రాత్రికే, బసకు కాదు. వెబ్‌సైట్‌లో ‘ఎక్స్‌ట్రా బెడ్ 1,200’ అని ఉంటే మూడు రాత్రులకు 3,600 అని చదువుకోవాలి.

పన్ను దగ్గర బెడ్‌కు విడి రేటు లేదు. మంచం గదిలోనే ఉంటుంది, గదితోనే అమ్ముతారు, కాబట్టి అది గది సేవలో భాగమే. గదికి ఏ శాతమో, బెడ్ ఛార్జీతో కలిపిన మొత్తానికీ అదే శాతమని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2018 జనవరి 4 నాటి సర్క్యులర్‌లోనే చెప్పింది. అప్పట్లో శ్లాబును ప్రకటించిన టారిఫ్ నిర్ణయించేది కాబట్టి బెడ్ వేసుకున్నా గది శ్లాబు మారేది కాదు. ఇప్పుడు చూసేది ఆ రోజు ఆ గదికి వసూలు చేసిన విలువను. అందులో బెడ్ ఛార్జీ కూడా కలుస్తుంది. 6,800 గదికి 1,000 బెడ్ కలిస్తే ఆ రాత్రి విలువ 7,800. గది ఒక్కదాన్నీ చూస్తే 5 శాతం అనిపిస్తుంది, బిల్లు మాత్రం 18 శాతంతో వస్తుంది. కౌంటర్ దగ్గర జరిగే వాదనల్లో చాలావాటికి మూలం ఇదే.

డిస్కౌంట్ విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. సేవ అందించే ముందో, అందించే సమయంలోనో ఇచ్చి, బిల్లులో చూపించిన డిస్కౌంట్‌ను విలువలోంచి తీసేయాలని కేంద్ర జీఎస్టీ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. ముందుగా బుక్ చేసినందుకు 10 శాతం, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాని రేటు, సభ్యులకిచ్చే తగ్గింపు, ఇవన్నీ ఈ కోవలోవే. వీటిని తీసేశాక మిగిలిన దానిమీదే పన్ను. శ్లాబు తేలేది కూడా ఆ మిగిలిన దాన్ని బట్టే.

బ్యాంకు కార్డు మీద వచ్చే క్యాష్‌బ్యాక్ సంగతి వేరు. గదికి 6,000 కట్టాక బ్యాంకు 600 వెనక్కి వేస్తే హోటల్‌కు ముట్టింది 6,000 పూర్తిగానే. కాబట్టి పన్ను 6,000 మీదే. బుకింగ్ సైటు తన జేబులోంచి కూపన్ ఇచ్చి, ఆ మేరకు హోటల్‌కు భర్తీ చేసినా అంతే. అతిథికి చేతికందే లాభం ఉంటుంది కానీ పన్ను తగ్గదు. 18 శాతం శ్లాబులో ఉన్న గదిని కిందికి దించగలిగేది హోటల్ ఇచ్చిన, బిల్లులో కనిపించే డిస్కౌంట్ మాత్రమే.

డిస్కౌంట్ దేనిమీద అన్నది కూడా చూసుకోవాలి. చాలా ఆఫర్లు గది అద్దె మీదే వర్తిస్తాయి, ఎక్స్‌ట్రా బెడ్ మీద ఉండవు. ‘10 శాతం తగ్గింపు’ అన్నచోట మొత్తం బిల్లులో 10 శాతం తగ్గుతుందని ఊహించుకుంటే నిరాశ తప్పదు.

ఇప్పుడు ఒక బసను మొదటినుంచి చివరిదాకా లెక్క వేసి చూడొచ్చు. హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం విశాఖపట్నం వెళ్లింది అనుకుందాం. తల్లి, తండ్రి, పదమూడేళ్ల అమ్మాయి. బీచ్ రోడ్డులో ఒక గది, గురు, శుక్ర, శని మూడు రాత్రులు. వారాంతం దగ్గరపడే కొద్దీ అద్దె పెరుగుతుంది: గురువారం 6,400, శుక్రవారం 7,000, శనివారం 8,200. అమ్మాయికి ఎక్స్‌ట్రా బెడ్ రాత్రికి 1,200. ముందుగా బుక్ చేసినందుకు గది అద్దె మీద 10 శాతం డిస్కౌంట్. ఈ ధరలన్నీ లెక్క కోసం వేసుకున్నవే. పన్ను రేట్లు మాత్రం అమల్లో ఉన్నవి.

గురువారం రాత్రి 6,400లో 10 శాతం, అంటే 640 తీసేస్తే గది 5,760. దానికి బెడ్ 1,200 కలిపితే 6,960. ఇది గీతకు లోపలే ఉంది, కాబట్టి 5 శాతం పన్ను 348. ఆ రాత్రి మొత్తం 7,308.

శుక్రవారం 7,000లో 700 పోతే 6,300. బెడ్ కలిపితే సరిగ్గా 7,500. నిబంధనలో ఉన్నది ‘7,500 లేదా అంతకు తక్కువ’ కాబట్టి గీత మీద నిలబడ్డ గదికీ 5 శాతమే. పన్ను 375, మొత్తం 7,875. డిస్కౌంట్ ఒక్క రూపాయి తగ్గి ఉంటే ఈ రాత్రి కథ మారిపోయేది.

శనివారం 8,200లో 820 పోతే 7,380. ఇక్కడిదాకా గీతకు లోపలే. బెడ్ 1,200 కలవగానే 8,580 అవుతుంది, గీత దాటుతుంది. మొత్తానికీ 18 శాతం అంటే 1,544 రూపాయల 40 పైసలు. ఆ రాత్రికి 10,124 రూపాయల 40 పైసలు.

మూడు రాత్రుల విలువ కూడితే 23,040. పన్ను 2,267 రూపాయల 40 పైసలు. మొత్తం 25,307 రూపాయల 40 పైసలు. జీఎస్టీ చట్టం ప్రకారం పన్నును దగ్గరి రూపాయికి సర్దుతారు. పన్ను కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం పోతుంది కాబట్టి ఒక్కో సగం 1,133 రూపాయల 70 పైసలు. రెండింటినీ విడివిడిగా సర్దితే 1,134 చొప్పున అయి చేతికొచ్చే బిల్లు 25,308 కావచ్చు. ఆ ఒక్క రూపాయి తేడా తప్పు కాదు.

ఈ లెక్కలో ఎక్కువ చెప్పేది శనివారమే. బెడ్ వద్దనుకుంటే ఆ రాత్రి 7,380 మీద 5 శాతం, అంటే 369 కలిపి 7,749తో సరిపోయేది. బెడ్ వేయించుకుంటే 10,124. పన్నెండు వందల మంచం ఆ ఒక్క రాత్రి 2,375 రూపాయలకు పడింది. గురువారం అదే మంచం 1,260కే వచ్చింది. హోటల్ శనివారం ఇంకో 1,080 తగ్గించి ఉంటే విలువ 7,500కు దిగి, ఆ రాత్రి ఖర్చు 7,875 అయ్యేది. హోటల్ వదులుకునేది 1,080, అతిథికి మిగిలేది 2,249. బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో మేనేజర్‌ను ధైర్యంగా అడగాల్సిన తగ్గింపు ఇలాంటిదే. మొత్తం బస మీద ‘ఏదైనా కొంచెం తగ్గించండి’ అని అడిగే దానికంటే ‘శనివారం రాత్రి బెడ్‌తో కలిపి 7,500 దాటకుండా చూడండి’ అని అడిగితే ప్రయోజనం ఎక్కువ. అన్ని హోటళ్లూ ఒప్పుకోవు. 5 శాతం వసూలు చేసే గదుల మీద హోటల్‌కు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ రాదు, అంటే తాను కొన్న వస్తువులు, సేవల మీద కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలుండదు. 18 శాతం గదుల మీద ఆ వీలుంది. హోటల్‌వాళ్లు వేసుకునే లెక్కలో అదీ ఉంటుంది.

తప్పులు రెండు రకాలుగా వస్తాయి. మొదటిది సగటు తీయడం. పై బసలో 23,040ని మూడుతో భాగిస్తే రాత్రికి 7,680 వస్తుంది. అది గీత దాటింది కదా అని మొత్తానికీ 18 శాతం వేస్తే పన్ను 4,147 అవుతుంది, బిల్లు 27,187కు చేరుతుంది. రెండు రాత్రులు న్యాయంగా 5 శాతంలో ఉండగా శనివారం భారం వాటి మీదా పడిందన్నమాట. సగటు వల్ల ఒక్కోసారి దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. చవక రాత్రులు ఎక్కువైతే ఖరీదైన రాత్రి వాటి చాటున 5 శాతంలోకి దూరిపోతుంది. అతిథికి బాగానే ఉంటుంది కానీ అదీ తప్పు లెక్కే.

రెండోది డిస్కౌంట్‌ను చివర్లో తీయడం. ముందు పూర్తి ధర మీద పన్ను వేసి, ఆఖరున డిస్కౌంట్ తగ్గించడమన్నమాట. పై బసలో డిస్కౌంట్‌కు ముందు, బెడ్‌తో కలిపి, మూడు రాత్రుల ధరలు 7,600, 8,200, 9,400. మూడూ గీత దాటాయి. మొత్తం 25,200 మీద 18 శాతం 4,536. అందులోంచి మొత్తం డిస్కౌంట్ 2,160 తీసేస్తే 27,576 వస్తుంది. సరైన బిల్లుకు దీనికి తేడా 2,268 రూపాయలు. అంటే ఇచ్చిన డిస్కౌంట్ అంతా తప్పు వరసలో వేసిన పన్ను రూపంలో వెనక్కి పోయింది. దీన్ని గుర్తుపట్టడం తేలికే. బిల్లులో డిస్కౌంట్ వరుస పన్ను వరుసకు పైన ఉందా, కింద ఉందా చూడాలి. కింద ఉంటే ఆగి అడగాలి.

పన్ను కలిపిన ధర చూపే సైట్లలో ఇంకో పరీక్ష ఉంది. 5 శాతంతో ఒక రాత్రికి వచ్చే గరిష్ఠ మొత్తం 7,875. 18 శాతం వర్తించే గదుల మొత్తం 8,850 పైన మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య ఏ అంకె వచ్చినా లెక్కలో ఏదో తేడా ఉన్నట్టే. ఉదాహరణకు ఒక రాత్రి గది పన్నుతో కలిపి 8,200 అని ఉంటే, 5 శాతం అనుకున్నప్పుడు అసలు ధర 7,809 అవుతుంది, దానికి 5 శాతం చెల్లదు. 18 శాతం అనుకున్నప్పుడు 6,949 అవుతుంది, దానికి 18 శాతం వేయకూడదు. అసలు ధర తెలుసుకోవడానికి చేయాల్సింది మొత్తాన్ని 105తోనో 118తోనో భాగించి 100తో గుణించడమే. మొత్తంలోంచి 5 శాతం తీసేయడం కాదు. 6,300లో 5 శాతం తీసేస్తే 5,985 వస్తుంది. సరైన జవాబు 6,000. అయితే ఆ మొత్తంలో సైటు సొంత రుసుము కలిసి ఉంటే ఈ పరీక్ష పనిచేయదు, ముందు దాన్ని విడదీయాలి.

సైటు తీసుకునే ఆ కన్వీనియన్స్ ఫీజు హోటల్ అద్దె కాదు. అది సైటు అందించిన సేవకు రుసుము, దానిమీద 18 శాతం జీఎస్టీ విడిగా పడుతుంది. గది 2,000దే అయినా ఆ ఫీజు మీద శాతం మారదు. బిల్లులో ‘టాక్సులు, ఫీజులు’ అని రెండింటినీ ఒకే వరుసలో చూపిస్తే పన్ను ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ వరుసను తెరిచి చూస్తే విడివిడిగా ఉంటాయి.

చిన్న లాడ్జీల దగ్గర మరో సంగతి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సేవలందించే వ్యాపారం ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేని లాడ్జి నేరుగా వచ్చిన అతిథి దగ్గర పన్ను వసూలు చేయకూడదు. అదే లాడ్జిని బుకింగ్ సైటు ద్వారా తీసుకుంటే పన్ను ఉంటుంది, ఎందుకంటే అలాంటి బుకింగ్‌ల మీద పన్ను కట్టే బాధ్యతను చట్టం సైటు మీదే పెట్టింది. ఒకే గదికి కౌంటర్‌లో పన్ను లేకపోవడం, సైట్‌లో ఉండటం రెండూ సరైనవే కావచ్చు. పన్ను వేసిన బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబర్ ఉండి తీరాలి. అది ఆంధ్రప్రదేశ్ హోటల్‌దైతే 37తో, తెలంగాణ హోటల్‌దైతే 36తో మొదలవుతుంది. నంబర్ లేకుండా పన్ను వరుస ఉంటే ఆ పన్ను కట్టనక్కర్లేదు.

ఆ రెండంకెలకు ఆఫీసు పని మీద తిరిగేవాళ్లకు ఇంకో ఉపయోగం ఉంది. హోటల్ బసకు పన్ను హోటల్ ఉన్న రాష్ట్రానికే చెందుతుంది, అతిథి ఎక్కడివాడైనా సరే. హైదరాబాద్ కంపెనీ ఉద్యోగి విశాఖలో ఉంటే బిల్లులో కేంద్ర జీఎస్టీ, ఆంధ్రప్రదేశ్ జీఎస్టీ సగం సగం కనిపిస్తాయి. తెలంగాణలో మాత్రమే రిజిస్టరైన కంపెనీకి ఆ పన్ను మీద క్రెడిట్ దక్కదు. కంపెనీ ఖర్చులో అది పూర్తి ఖర్చుగానే ఉండిపోతుంది. అందువల్ల గీత దాటని గదిని ఎంచుకోవడం వల్ల లాభం సొంత డబ్బుతో తిరిగేవాళ్లకు ఎంతో, ఇలాంటి కంపెనీకీ అంతే.

ఉదయం టిఫిన్ అద్దెలోనే కలిసి ఉంటే అది ప్యాకేజీలో భాగం. దానికి విడిగా పన్ను వేయరు, గది శాతమే దానికీ. టిఫిన్ ధర కలవడం వల్ల గది 7,500 దాటుతుంటే, టిఫిన్ లేని రేటుకు గది తీసుకుని కింద రెస్టారెంట్‌లో తినడం చవక కావచ్చు. ఎక్స్‌ట్రా బెడ్‌కు చెప్పుకున్న లెక్కే ఇక్కడా వర్తిస్తుంది.

పన్ను శాతంగా కాక రాత్రికి ఇంతని స్థిరంగా ఉండే ఊళ్లలో ఈ లెక్క వేరు. తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లే దుబాయ్‌లో గది ధర మీద శాతాల్లో పడే పన్నులు, రుసుములు కాక టూరిజం దిర్హమ్ అని ఒకటుంది. హోటల్ స్థాయిని బట్టి ఒక్కో గదికి ఒక్కో రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌లు. నాలుగు నక్షత్రాల హోటల్‌కు 15. గది ధర సగానికి తగ్గినా అది తగ్గదు, ఎక్స్‌ట్రా బెడ్ వేసినా పెరగదు, ఎందుకంటే అది లెక్కపెట్టేది గదిని, రాత్రిని మాత్రమే. అక్కడ మూడు రాత్రులకు 45 దిర్హమ్‌లు విడిగా రాసుకుంటే చాలు. బుకింగ్ సైట్లు దీన్ని చాలాసార్లు మొత్తంలో కలపకుండా ‘హోటల్ దగ్గర చెల్లించాలి’ అని కింద చిన్న అక్షరాల్లో చూపిస్తాయి. ముందే డబ్బంతా కట్టేశామనుకున్నవాళ్లను చెక్ఇన్ కౌంటర్‌లో అడిగేది ఈ సొమ్మునే.